రెండూ ఒకేసారి మింగకు

బిడ్డా,

టిఫిన్ కాగానే గోలీలన్నీ ఒకేసారి వేసుకుని ఆఫీసుకు పరిగెడుతున్నానని ఫోన్‌లో చెప్పావు చూడు, అందుకే ఇది రాస్తున్నా. పంటి ఇన్ఫెక్షన్‌కి డాక్టరు రాసింది అమోక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన 625 గోలీ, అంటే యాంటీబయాటిక్. అది పంటి దగ్గర సూక్ష్మజీవుల్నే కాదు, పేగుల్లో మనకు పనికొచ్చే వాటినీ చంపుతుంది, మన మందుల షాపులో ఆ గోలీ కొన్నవాళ్లు విరేచనాలని తిరిగి రావడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ బాధ తగ్గించడానికే ప్రోబయాటిక్ క్యాప్సూల్ రాస్తారు. నీ స్ట్రిప్ ఫోటోలో లాక్టోబాసిల్లస్ అని ఉంది, అంటే అందులో ఉన్నవి బతికున్న బ్యాక్టీరియా, యాంటీబయాటిక్‌తో కలిపి మింగితే వాటిలో చాలా చచ్చిపోవచ్చు.

కనీసం రెండు గంటల తేడా ఉండాలి, ఇంకా ఎక్కువుంటే మంచిది. నీకైతే సులువే. పొద్దున ఎనిమిదిన్నరకు అమీర్‌పేట హాస్టల్లో టిఫిన్ మొదలుపెడుతూనే 625, రాత్రి ఎనిమిదిన్నరకు భోజనంతో మళ్లీ 625, ఈ రెండు టైములు అస్సలు మార్చకు. క్యాప్సూల్‌ని మధ్యాహ్నం రెండింటికి లంచ్‌తో వేసుకో, అప్పటికి పొద్దుటి మందు రక్తంలో చాలావరకు తగ్గిపోతుంది, రాత్రి డోసుకి ఇంకా ఆరు గంటలకు పైనే ఉంటుంది. మామూలు నీళ్లతో మింగు, వేడి ఛాయ్‌తో వద్దు, వేడికి కూడా అవి చస్తాయి. డబ్బా మీద ఫ్రిజ్‌లో పెట్టమని ఉంటే హ్యాండ్‌బ్యాగ్‌లో రోజంతా తిప్పకు.

లంచ్‌లో మర్చిపోతే సాయంత్రం ఐదున్నరకైనా వేసుకో, అదీ కుదరకపోతే ఆ రోజుకి వదిలేయ్, కానీ క్యాప్సూల్ కోసం యాంటీబయాటిక్‌ని ముందుకీ వెనక్కీ జరపకు. కోర్సు అయ్యాక ఇంకో వారం క్యాప్సూల్ కొనసాగించొచ్చు, డాక్టర్ని ఒకమాట అడుగు.

మీ రూమ్మేట్ క్యాప్సూల్ మీద శాకరోమైసిస్ బౌలార్డీ అని ఉందన్నావు కదా, అది ఈస్ట్, దాన్ని యాంటీబయాటిక్ చంపదు. కాకపోతే తను ఫ్లూకోనజోల్ లాంటి ఫంగస్ మందు వాడితే అది చస్తుంది, ఆ మాట తనకి చెప్పు. క్యాన్సర్ మందులు వాడేవాళ్లకీ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకీ మాత్రం ఇలాంటి ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ డాక్టర్ చెప్పకుండా ఇవ్వకూడదు.

క్యాప్సూల్ వేసుకున్నా విరేచనాలు అసలు రావని నేననను, అవకాశం తగ్గుతుంది, అంతే. ఒకట్రెండు సార్లు పల్చగా అయితే టెన్షన్ పడకు, ఓఆర్ఎస్ తాగు. రోజుకి మూడుసార్లకు మించి నీళ్లలా అయినా, జ్వరం, కడుపునొప్పి వచ్చినా, రక్తం కనిపించినా, కోర్సు అయిపోయిన కొన్ని వారాలకైనా సరే, విరేచనాలు ఆపే గోలీ సొంతంగా వేసుకోకుండా డాక్టరు దగ్గరకు వెళ్లు. వెళ్లేముందు నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా ఎత్తుతా.

నాన్న