సప్లిమెంటరీలో 70 వచ్చినా మెమోలో 40

సంపాదకుడు గారికి నమస్కారం.

సప్లిమెంటరీలో ఎన్ని మార్కులు వచ్చినా మెమోలో పాస్ మార్కే వేయాలన్న నిబంధన కొన్ని కోర్సుల్లో ఉంది. మొదటిసారి రాసినవాళ్లు అన్ని పేపర్లకూ కలిపి చదివారు. సప్లిమెంటరీ వాళ్లకు ఒకటి రెండు పేపర్ల మీదే కూర్చునే వీలు దొరికింది. అందుకే ర్యాంకులో ఇద్దరినీ ఒకే గాట కట్టకూడదంటారు. ఆ మాట సబబే. కానీ పేపరుకు ఒక పాస్ మార్కు, అగ్రిగేట్‌కు అంతకంటే ఎక్కువ శాతం పెట్టిన కోర్సుల్లో ఇది పిల్లల్ని దారి లేని చోట నిలబెడుతోంది.

ఒక లెక్క చూడండి. పేపర్లు 6, ఒక్కోటి 100 మార్కులకు. ప్రతి పేపర్లో 40 రావాలి, మొత్తం మీద 50 శాతం, అంటే 300 రావాలి. ఒకమ్మాయి నాలుగు పేపర్లు 208 మార్కులతో పాసై, రెండు తప్పిందనుకుందాం. పట్టుదలగా చదివి సప్లిమెంటరీలో 65, 70 తెచ్చుకుంది. ఆమె సంపాదించినవి 343, అంటే 57 శాతం పైనే. మెమోలో మాత్రం 40, 40 పడతాయి. మొత్తం 288. ఏ పేపరూ మిగల్లేదు, అయినా కోర్సు ఫెయిల్!

ఆ రెండింట్లో నూటికి నూరు వచ్చినా 288 దాటదు. అసలు మొదటి ఫలితాలు వచ్చిన రోజే ఆమె సంగతి తేలిపోయింది. రెండు పేపర్లకు 40 చొప్పున పడితే మిగతా నాలుగింట్లో సగటున 55 ఉండాలి, ఆమెకు 52 ఉంది. మూడు పేపర్లు తప్పితే ఆ సగటు 60 కావాలి. ఈ కూడిక ఆమెకు ఎవరూ చేసి చెప్పరు. ఫీజు కడుతుంది, టెన్షన్ పడుతూ చదువుతుంది, చివరికి మెమో చూసి హతాశురాలవుతుంది. ఇంప్రూవ్‌మెంట్ లేని చోట పాసైన పేపర్లు మళ్లీ రాయనివ్వరు. ఉన్న చోట, తప్పిన పేపర్లను బాగా నేర్చుకున్న పిల్ల పాసైన వాటినే మళ్లీ రాయాలి. ఇదెక్కడి న్యాయం?

ర్యాంకుకూ, క్లాసుకూ 40నే లెక్కలోకి తీసుకోండి, ఎవరూ కాదనరు. కోర్సు పాసయ్యిందా లేదా అని తేల్చే అగ్రిగేట్‌కు మాత్రం నిజంగా వచ్చిన మార్కులు కలపాలి. మెమోలో రెండూ అచ్చు వేయాలి. లేకపోతే 40తో గట్టెక్కినవాళ్లకూ, 70 తెచ్చుకున్నవాళ్లకూ తేడా ఎవరికి కనిపిస్తుంది? ఈ మార్పు వచ్చేదాకా, మిగతా పేపర్ల మార్కులతో అగ్రిగేట్ అందుతుందో లేదో ఫీజు కట్టించుకోక ముందే విద్యార్థికి రాతపూర్వకంగా చెప్పాలి.

జబ్బు చేసి మొదటి పరీక్షకు రాలేని పిల్లలకు ఈ పరిమితి అసలే వర్తించకూడదు. వాళ్లు రాసేది సప్లిమెంటరీలోనే అయినా, అది వాళ్లకు మొదటి ప్రయత్నమే.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు