క్లినికల్ రీసెర్చ్ ఉద్యోగాల గురించి చెప్పే తీరు ఇదేనా?

అయ్యా,

లైఫ్ సైన్సెస్ డిగ్రీ చదివిన వాళ్లకు క్లినికల్ రీసెర్చ్‌లో ఉన్న అవకాశాలపై గత వారం మీ చదువుల పేజీలో వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నాను. అది చదివి, మందుల్ని మనుషులపై పరీక్షించే మా ఆసుపత్రి ట్రయల్ విభాగానికి వచ్చి అడిగిన పిల్లల్ని చూశాక ఊరుకోలేకపోయాను.

క్లినికల్ రీసెర్చ్ అసోసియేట్, కోఆర్డినేటర్ ఉద్యోగాలు ఒకటే అన్నట్టు ఒకే వాక్యంలో కలిపేశారు. రెండూ వేరు. కోఆర్డినేటర్ ఆసుపత్రిలో డాక్టరు కింద పనిచేస్తారు. రోగికి సమ్మతి పత్రంలో ఏముందో వివరించడంలో సాయపడాలి, విజిట్ తేదీలు తప్పకుండా చూడాలి, మందు పెట్టిన ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాయాలి, వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. సీఆర్ఏ అని పిలిచే అసోసియేట్ ట్రయల్ చేయించే కంపెనీ తరఫున వచ్చి, ఆ ఎక్కించినవి కేస్ షీట్‌తో సరిపోతున్నాయో లేదో చూసి రిపోర్ట్ రాసే మనిషి. కేస్ షీట్ ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని వాళ్లు దానిలో తప్పేం పడతారు? అందుకే చాలామంది ముందు కోఆర్డినేటర్‌గానో, ట్రయల్ అసిస్టెంట్‌గానో పనిచేసి తర్వాత అటు వెళ్తారు.

మరి అదే వ్యాసం కింద మీరు వేసిన ప్రకటన? 'ఫ్రెషర్లకు సీఆర్ఏ ఉద్యోగం, శిక్షణ తర్వాత గ్యారంటీ.' దాన్ని నమ్మి ఫీజు కట్టబోయిన మైక్రోబయాలజీ అమ్మాయి ఒకరు నా దగ్గరకు వచ్చింది. ఆ సంస్థ వాళ్లను మూడు విషయాలు అడగమన్నాను. ఏ స్పాన్సర్, అంటే ట్రయల్ చేయించే ఏ కంపెనీ, ట్రయల్స్‌లో పని? ఒంటరిగా పంపే ముందు సీనియర్ వెంట ఎన్ని సైట్లకు, అంటే ట్రయల్ జరిగే ఆసుపత్రులకు, తీసుకెళ్తారు? నియామక పత్రం మీ పేరుతోనా, వేరే కంపెనీ పేరుతోనా? ఒక్కదానికీ సూటిగా జవాబు రాలేదు, సీట్లు అయిపోతున్నాయని మాత్రం చెప్పారట. వాళ్లు అమ్మేదాంట్లో ముఖ్యమైనది, ట్రయల్స్ ఏ పద్ధతిలో చేయాలో నేర్పే జీసీపీ సర్టిఫికెట్. అది ది గ్లోబల్ హెల్త్ నెట్‌వర్క్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా నేర్చుకోవచ్చు. ఈ మాట మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

అదే అమ్మాయికి ఒక ఆసుపత్రిలో తక్కువ జీతానికి కోఆర్డినేటర్ పని కూడా వచ్చింది. అక్కడ ఏ ట్రయల్ నడుస్తోందో అడిగి, NCT తో మొదలయ్యే నంబరు తీసుకోమన్నాను. ట్రయల్స్ వివరాలు నమోదుచేసే ClinicalTrials.gov వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే స్పాన్సర్ పేరు, సైట్ల జాబితా, Recruiting అన్న స్థితి, అంటే రోగుల్ని చేర్చుకుంటున్నారని, కనిపించాయి. ఆ జాబితాలో ఆసుపత్రి పేరు ఉంది. చివరిసారి సమాచారం మార్చిన తేదీ కూడా ఇటీవలిదే. ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి ఇంకొకటి అడిగింది: డాక్టరు ఏ పని ఎవరికి అప్పగించారో రాసే డెలిగేషన్ లాగ్‌లో తన పేరు చేరుస్తారా అని. చేరుస్తామన్నారు. ట్రయల్‌లో నువ్వు నిజంగా ఏం చేశావో తర్వాతి కంపెనీకి చూపించే ఆధారాల్లో అదొకటి. ఆ అమ్మాయి అక్కడే చేరింది.

ఖాళీలు వెతకడానికి కూడా ఆ రిజిస్ట్రీ పనికొస్తుంది. Not yet recruiting, అంటే రోగుల్ని ఇంకా చేర్చుకోవడం లేదు, అని ఉన్న ట్రయల్స్ చూస్తే, త్వరలో మనుషులు కావాల్సి రాగల ఆసుపత్రులు ఏవో తెలుస్తాయి. సైట్ల పేర్లు అన్ని ట్రయల్స్‌కీ ఉండవు, కొన్ని పాతబడిపోయి Unknown status అని కనిపిస్తాయి. వాటిని వదిలేయాలి. ప్రకటన నిజమా కాదా తెలియాలంటే అదే ఉద్యోగం ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉందేమో చూడాలి. సొంత డొమైన్ కాని ఉచిత ఈమెయిల్ నుంచి ఆఫర్ వచ్చినా, డిపాజిట్ అడిగినా అక్కడితో ఆపేయాలి.

మందుల దుష్ఫలితాల రిపోర్టులు చూసే డ్రగ్ సేఫ్టీ ఉద్యోగం గురించి మీరు 'కూర్చుని చేసే తేలిక పని' అని రాశారు. అమెరికా, యూరప్ నియమాల ప్రకారం ట్రయల్‌లో ఊహించని దుష్ఫలితం మందు వల్లే వచ్చిందన్న అనుమానం ఉండి, అది ప్రాణాంతకమైతే 7 రోజుల్లో, తీవ్రమైనదే అయినా ప్రాణాపాయం లేకపోతే 15 రోజుల్లో నియంత్రణ సంస్థకు చేరాలి. పండగలూ ఆదివారాలూ ఆ లెక్కలోనే. చాలా చోట్ల రాత్రి షిఫ్టులు, రోజుకు ఇన్ని కేసులని టార్గెట్లు ఉంటాయి. చేరేవాళ్లు ఆ టెన్షన్ గురించి ముందే అడిగి తెలుసుకోవాలి కదా.

కాలేజీల ప్లేస్‌మెంట్ విభాగాలు కూడా ఈ శిక్షణ సంస్థలనే పిలిచి సెమినార్లు పెట్టిస్తున్నాయి. అధికారులు చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు. ఫిర్యాదు చేస్తే, అది తమ పరిధిలోకి రాదన్న జవాబే వస్తోంది. పిల్లల దగ్గర డబ్బు తీసుకుని, ఉద్యోగమని చెప్పి, తర్వాత ఫోన్ ఎత్తని వాళ్లను ఆపడం ఎవరి పరిధి?

వ్యాసంలోని తప్పులకు సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి. ఉద్యోగం గ్యారంటీ అంటూ ఫీజు అడిగే ప్రకటనలు చదువుల పేజీలో వేయడం మానేయాలి.

ఇట్లు,
క్లినికల్ ట్రయల్ విభాగంలో పనిచేస్తున్న ఒక పాఠకురాలు