ఆ లిస్టులో కాంటాక్ట్స్ ఎందుకుంది నాయనా?

కొర్లగుంట,
తిరుపతి.

నాయనా ప్రదీప్,

ఇక్కడ అందరం బాగున్నాం. అవ్వకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. మేడ మీద ట్యాంకు మార్పించాం. నువ్వు పంపిన యాప్ అనుమతుల లిస్టు స్క్రీన్‌షాట్ చూశాను. "అమ్మా, వీటిలో ఏవి తీసెయ్యాలి?" అని ఒక్క ముక్క రాశావు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. పని ఎక్కువగా ఉందేమోలే.

మదనపల్లి పెద్దమ్మకు మొన్న ఎవరో ఫోన్ చేసి "ప్రదీప్ మీకేమవుతాడు?" అని అడిగారట. రాంగ్ నంబరై ఉంటుందిలే అక్కా అని సర్ది చెప్పాను. సరే, నువ్వు అడిగిందానికి వస్తాను.

ఆ లిస్టులో Contacts, SMS రెండూ ఆన్‌లో ఉన్నాయి. ముందు ఆ రెండింటికీ Don't allow పెట్టు. కాంటాక్ట్స్ ఇచ్చామంటే నీ ఫోన్‌లో ఉన్న ప్రతి పేరూ, నంబరూ వాళ్లకు చేరినట్టే. ఎస్సెమ్మెస్ ఇస్తే జీతం ఎప్పుడు పడింది, ఖాతాలో ఎంత మిగిలింది, ఏ ఓటీపీ వచ్చింది, అన్నీ చదువుతారు. Location దగ్గర Allow all the time అని ఉంది, అదీ తీసెయ్యి. Camera మాత్రం మొదట్లో కేవైసీ ఫొటో కోసం ఒకసారి అవసరపడుతుంది. ఇప్పుడు దానికి Ask every time చాలు.

అది అప్పిచ్చే యాప్ అని నువ్వు చెప్పలేదు, నేనూ అడగడం లేదు. కానీ అలాంటి యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఫైళ్ల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబర్‌లోనే చెప్పింది. ప్లే స్టోర్‌లో పెట్టే లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫొటోలు అడగకూడదని గూగుల్ కూడా 2023 మే 31 నుంచి నిబంధన పెట్టింది. మరి నీ దాంట్లో కాంటాక్ట్స్ ఎలా వచ్చింది? లింకు నొక్కి వేసుకున్న యాప్ అయ్యుంటుందని నా అనుమానం. యాప్ ఇన్ఫో పేజీలో కిందికి పోతే App details దగ్గర ఎక్కడి నుంచి ఇన్‌స్టాల్ అయ్యిందో ఉంటుంది, చూడు.

మా బ్యాంకు బ్రాంచికి పోయిన ఏడాది ఒక అబ్బాయి వచ్చాడు. నీ వయసే ఉంటుంది. చిత్తూరులో మెకానిక్ పని. యాప్‌లో 8,000 అప్పుకు ఒప్పుకుంటే చేతికి 5,000 చిల్లర వచ్చిందట, వారంలో మొత్తం కట్టమన్నారు. వారం కాకముందే వాళ్ల మేనమామకూ, షెడ్డు ఓనరుకూ మెసేజీలు పోయాయి. ఆ భయంతో యాప్ తీసేశాడు. అయినా ఫోన్లు ఆగలేదు, ఎందుకంటే నంబర్లన్నీ మొదటి రోజే వాళ్ల సర్వర్‌కు వెళ్లిపోయాయి. అనుమతి తీసేస్తే ఇకముందు చదవలేరు గానీ, చదివేసింది వెనక్కి రాదు. పైగా యాప్‌తో పాటు అప్పు కాగితం, ఎంత కట్టాడన్న లెక్కా పోయాయి. కౌంటర్ దగ్గరే కూర్చోబెట్టి స్టేట్‌మెంట్ తీసిచ్చాను, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. డబ్బులు ఏ ఖాతా నుంచి వచ్చాయో, ఏ యూపీఐ ఐడీకి తిరిగి పోయాయో ఆ స్టేట్‌మెంట్‌లోనే దొరికింది. ఫిర్యాదుకు అదే ఆధారమయ్యింది. అందుకే చెబుతున్నా, తొందరపడి యాప్ తీసెయ్యొద్దు. ముందు ప్రతి పేజీ ఫొటో తీసి ఉంచుకో.

ఇంకొకటి, ఆ స్క్రీన్‌షాట్‌లో కనపడనిది. లిస్టులో ఉన్న Notifications అంటే ఆ యాప్ నీకు మెసేజీలు చూపించడానికి మాత్రమే, దాంతో పెద్ద ప్రమాదం లేదు. Notification access అని వేరే ఒకటి ఉంటుంది. సెట్టింగ్స్‌లో Special app access లోపల ఉంటుంది, కొన్ని ఫోన్లలో పేరు కాస్త మారుతుంది. అది ఆన్‌లో ఉంటే ఎస్సెమ్మెస్ అనుమతి తీసేసినా, పైన నోటిఫికేషన్‌లో కనపడే ఓటీపీని చాలా ఫోన్లలో చదివేయగలదు. Accessibility కూడా అంతే, అది ఇచ్చామంటే స్క్రీన్ మీద ఉన్నదంతా చూడగలదు. లిస్టులో అన్నీ ఆపేశాం కదా అని ఊరుకుంటే చాలదు. ఈ రెండు పేజీల్లోనూ ఆ యాప్ పేరుందేమో వెతుకు.

లెక్చర్ ఇస్తున్నా అనుకోకు. రాత్రి పూట పెరుగన్నమైనా తిను, బయట నూడిల్స్ తిని పడుకోకు.

పెద్దమ్మకు వచ్చిన నంబరు రాయించుకున్నాను. దానికి ఎవరూ జవాబివ్వొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. ఎంత తీసుకున్నావో చెప్పు చాలు, నాన్నకు నేను చెప్పుకుంటాను. ఎవరన్నా నీ ఫొటోలు పంపుతామని బెదిరిస్తే డబ్బు కట్టకుండా ముందు నాకు ఫోన్ చెయ్యి, బ్యాంకులో ఉన్నా ఎత్తుతాను. ఆ రెండు పేజీల ఫొటోలు ఈ రాత్రికే పంపు.

మీ అమ్మ