నిద్రపోయే పిల్లి ఊపిరిని లెక్కపెట్టండి

సంపాదకుడు గారికి,

ఇళ్లలో పిల్లులను పెంచుకునేవారు టీకాలు, నులిపురుగుల మందు వేళకు వేయిస్తున్నారు. గుండె సంగతి మాత్రం వాళ్లు అడగరు, మా పశువైద్యుల్లోనూ చాలామంది చెప్పరు. పిల్లుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గుండె జబ్బు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. ఈ జబ్బులో ఎడమ జఠరిక గోడ మందమెక్కి బిరుసుగా మారుతుంది. గుండె వదులైన క్షణంలో కొలిస్తే ఆ గోడ సాధారణంగా 5 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. 6 గానీ ఆపైన గానీ ఉంటే, అధిక రక్తపోటు, థైరాయిడ్ ఉధృతి కారణాలు కావని తేల్చుకున్నాక ఈ జబ్బుగా లెక్కిస్తారు.

బిరుసెక్కిన గది సరిగా సాగదు. లోపలికి రావలసిన రక్తం వెనక ఎడమ కర్ణికలో ఆగి, దాన్ని ఉబ్బిస్తుంది. ఆ ఒత్తిడి ఇంకా వెనక్కి తన్నితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇదంతా జరగడానికి ఏళ్లు పట్టవచ్చు. ఆ ఏళ్లన్నీ పిల్లి తింటుంది, ఆడుతుంది, కిటికీ ఎక్కుతుంది. స్టెతస్కోపుతో విన్నా చాలా పిల్లుల్లో ఏ చప్పుడూ తేడాగా ఉండదు. తేడా వినిపించిన పిల్లులన్నిటికీ జబ్బు ఉంటుందనీ కాదు. తేల్చి చెప్పేది ఎకో పరీక్షే. గుండె జబ్బున్న కుక్క దగ్గుతుంది కాబట్టి ఇంట్లో పసిగడతారు. పిల్లి సాధారణంగా దగ్గదు, ఒక మూలన ముడుచుకుని పడుకుంటుంది, అంతే. అది ఆయాసమని మనకు తట్టదు.

అందుకే నిద్రలో ఊపిరిని లెక్కపెట్టమంటున్నాం. పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు ముట్టుకోకుండా పక్కన కూర్చోండి. డొక్క పైకి లేచి కిందికి దిగితే ఒక శ్వాస. లేవడాన్ని ఒకటి, దిగడాన్ని ఒకటి లెక్కేసి, రెట్టింపు అంకె చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. ఫోన్‌లో 30 సెకన్లు పెట్టుకుని లెక్కించి, రెండుతో గుణించండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఒక్క శ్వాస తప్పినా నాలుగు తేడా వస్తుంది. గురగురమంటున్నా, కలలో మీసాలు, పంజాలు అదురుతున్నా ఆ లెక్క పనికిరాదు, కాసేపు ఆగండి. మన ఎండాకాలం మధ్యాహ్నాల్లో వేడి గదిలో ఊపిరి దానంతటదే పెరుగుతుంది. చల్లబడ్డాక చూడండి.

మొదట ఒక వారం రోజూ రాసుకుంటే మీ పిల్లి మామూలు అంకె తెలుస్తుంది. ఉదాహరణకు ఐదేళ్ల పర్షియన్ మగపిల్లికి ఆ వారం 18, 22, 20, 24 ఇలా వచ్చాయనుకుందాం. ఆ తర్వాత వారానికి రెండుసార్లు చూస్తే చాలు. ఒక సోమవారం 28 వచ్చింది. 30 లోపే కదా అని వదిలేయకుండా మర్నాడు చూస్తే 32, రెండు గంటలాగి మళ్లీ నిద్రలో చూస్తే 34. ఇక ఎదురుచూడకూడదు, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. నిద్రలో వరుసగా 30 దాటడం ఒక హెచ్చరికైతే, తన మామూలు అంకె నుంచి రోజురోజుకూ ఎగబాకడం అంతకన్నా ముందు వచ్చే హెచ్చరిక. 40 దాటినా, డొక్కలెగరేస్తున్నా, నోరు తెరిచి రొప్పుతున్నా అర్ధరాత్రైనా ఆక్సిజన్ ఉన్న ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. బలవంతంగా నీళ్లు పట్టకండి, వెల్లకిలా పట్టుకోకండి. పెట్టెలో ఉంచి తనకు నచ్చినట్టు కూర్చోనివ్వండి.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలైతేనే ఇది పట్టిస్తుంది, గోడ మందాన్ని పట్టించదు. ఉబ్బిన కర్ణికలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మహాధమని చివరన ఇరుక్కుని, వెనక కాళ్లు చల్లబడి చచ్చుబడటమే కొన్ని పిల్లుల్లో మొదటి లక్షణం. కాబట్టి అంకె బాగుంది కదా అని ఎకో మానకూడదు. మెయిన్ కూన్, రాగ్‌డాల్, పర్షియన్ వంటి జాతులకూ, గుండె చప్పుడులో తేడా ఉన్నవాటికీ మత్తు ఇచ్చేముందు, స్టెరాయిడ్ ఇంజెక్షనుకు ముందు, సెలైన్ ఎక్కించే ముందు ఈ పరీక్ష మరీ ముఖ్యం. అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న గుండె కొన్నిసార్లు ఈ సందర్భాల్లో ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది.

పశుసంవర్ధక శాఖలకూ, ప్రైవేటు ఆస్పత్రులకూ మా విన్నపం ఒకటే. టీకా కార్డులో బరువు రాసే గడి పక్కనే నిద్రలో శ్వాసల సంఖ్యకు ఒక గడి పెట్టండి. మొదటి టీకా రోజునే లెక్కపెట్టడం చూపించి పంపండి. జాతి పిల్లులను అమ్మేవారు తల్లిపిల్లి, తండ్రిపిల్లి ఎకో రిపోర్టులు చూపాలన్న నిబంధన కూడా తెండి.

— కొందరు పశువైద్యులు, హైదరాబాద్