నూనె పీల్చని పూరీ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదువుతూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను. పూరీ పెట్టిన కాగితం తడిసి, అవతలి వైపు అక్షరాలు ఇవతలికి కనిపించాయని రాశావే, అక్కడ! నూనె మంచిది కాదేమోనని రెండుసార్లు మార్చావట. పాపం, నూనెను అనుమానించకు. ‘చపాతీ పిండిలాగే కలిపాను’ అని నువ్వే ఒక ముక్క రాశావు చూడు, దొంగ అక్కడే దొరికాడు.

చపాతీ పిండి మెత్తగా ఉండాలి, పూరీ పిండి గట్టిగా ఉండాలి. నీళ్లు ఎక్కువైతే ఆ తడి ఆవిరై పోయిన చోటల్లా నూనె చేరుతుంది. రెండు కప్పుల గోధుమపిండికి ముందు అర కప్పు నీళ్లే పోయి. తర్వాత చెంచా చెంచాగా కలుపుతూ, పిండి ఒక ముద్దగా చేరగానే ఆపెయ్యి. వేలితో నొక్కితే కాస్త ఎదురు తిరగాలి. చేతులు నొప్పి పుడుతున్నాయంటే సరిగ్గా కలిపినట్టే. పావుగంట మూతపెట్టి ఉంచితే చాలు, గంటల తరబడి నానబెడితే మళ్లీ మెత్తబడుతుంది. వంటసోడా మాత్రం వద్దు, అది వేస్తే నూనె ఇంకా పీలుస్తుంది.

మొన్న ఆదివారం నీ కోసమే ఒక పరీక్ష పెట్టాను. ఒకే పిండిని రెండు ముద్దలుగా కలిపాను, ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా. మెత్తని దానికి పీటమీద అంటుకోకుండా పొడిపిండి చల్లాల్సి వచ్చింది. ఆ పిండంతా మూకుడు అడుగున చేరి మాడి, నూనె నల్లబడింది. గట్టిదానికి రెండు చుక్కల నూనె రాస్తే సరిపోయింది. మెత్తని పూరీ సగం పొంగి చతికిలపడింది, గట్టిది బంతిలా లేచింది. అన్నట్టు, అప్పడంలా మరీ పలచగా వత్తకు. చిరిగిందంటే లోపలికి నూనె దూరిపోతుంది.

ఇక మంట. చిన్న పిండి ఉండ వేసి చూడు. అడుగునే కూర్చుంటే నూనె ఇంకా కాగలేదు. వెంటనే ఎర్రబడితే మరీ కాగింది. బుడగలతో చకచకా పైకి తేలితే పూరీ వెయ్యి. వేడినూనెలో పూరీలోంచి ఆవిరి జోరుగా బయటికి తన్నుకొస్తుంది కాబట్టి నూనె లోపలికి పోలేదు. నూనె చల్లగా ఉంటే ఆ జోరు ఉండదు, పొంగేదాకా పూరీ అందులో నానుతుంది. ఒకేసారి మూడు వేసినా నూనె చల్లారి అదే గతి పడుతుంది. ఒక్కొక్కటే వేసి, చిల్లుల గరిటెతో మెల్లగా నొక్కు.

తీసేటప్పుడు తొందరపడకు. పైకెత్తాక మూకుడు అంచుకు ఆనించి నిలువుగా పట్టుకుని నాలుగైదు క్షణాలు ఆగు. పూరీ చల్లారేకొద్దీ లోపలి ఆవిరి తగ్గి, పైన అంటుకున్న నూనెను లోపలికి లాక్కుంటుంది. అది జరగకముందే కారిపోనివ్వాలి. తీసినవి ఒకదానిమీద ఒకటి పేర్చకు.

పిండి మిగిలితే మర్నాటి పూరీలకు దాచకు. ఫ్రిజ్‌లో పెట్టినా మెత్తబడుతుంది. అప్పుడు నీకు అలవాటైన చపాతీలే చేసుకో.

నీ
రాము