తప్పు ఫైలు వెళ్ళిందని వెంటనే చెప్పనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఒక క్లయింటు ఫైలు మరో క్లయింటుకు వెళ్ళిందని తెలియగానే ఆఫీసుల్లో ముందుగా వినిపించే ప్రశ్న ‘ఎవరు పంపారు?’. ఏమి వెళ్ళింది, ఎవరి వివరాలు వెళ్ళాయి అన్నది ఆ తర్వాతే అడుగుతారు. ఈ వరసకు మూల్యం చెల్లించేది ఆ ఫైలులో పేర్లు, జీతాలు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్న మనుషులు. అందుకే దీన్ని ఆఫీసు లోపలి గొడవగా చూడలేక ఈ లేఖ రాస్తున్నాను. ఇతర సంస్థల జీతాల లెక్కలు చూసే ఒక సంస్థలో చాలాకాలంగా బృందాన్ని నడుపుతున్నదాన్ని.

మా దగ్గర జరిగినదే చెబుతాను. ఒక ఉద్యోగిని ఉదయం 11.10కి పంపిన మెయిల్‌కు వేరే క్లయింటు జీతాల పట్టిక జతపడింది. ఫైలు పేరు Payroll_June.xlsx. క్లయింటు ఎవరైనా సరే, అందరి ఫోల్డర్లలోనూ అదే పేరు! ఇరవై నిమిషాల్లోనే ఆమె గమనించింది. గమనించగానే చాలామంది చేసేదే చేయబోయింది, మెయిల్‌ను వెనక్కి రప్పించాలని చూసింది. ఔట్‌లుక్‌లో ఆ సదుపాయం ఒకే సంస్థలోని ఖాతాల మధ్యే పనిచేస్తుంది, బయటి క్లయింటుకు వెళ్ళినదాన్ని వెనక్కి తేలేదు. జీమెయిల్‌లో పంపడాన్ని రద్దు చేసుకోవడానికి ఉండేది గరిష్ఠంగా 30 సెకన్లు. అటాచ్‌మెంట్‌గా కాక లింకుగా పంపి ఉంటేనే అనుమతి తీసేసే వీలు ఉంటుంది. అప్పటికే ఎవరైనా దించుకుని ఉంటే అదీ ఉపయోగపడదు.

ఇలాంటప్పుడు ‘ముందు పంపిన మెయిల్ పట్టించుకోకండి, సరైన ఫైలు ఇదిగో’ అని ఇంకో మెయిల్ పంపడం మరీ ప్రమాదం. అది చదివినవాళ్ళు ముందు పాత ఫైలే తెరుస్తారు. పంపిన మెయిల్‌ను తన పెట్టెలోంచి చెరిపేయడం అన్నిటికంటే చేటు. ఏమి వెళ్ళిందో చెప్పగల ఆధారం చేజారుతుంది, పొరపాటు కాస్తా దాపరికం అవుతుంది.

ఆమె ఆ రెండూ చేయలేదు. పంపిన మెయిల్‌లోని ప్రతినే తెరిచి చూసింది. తన ఫోల్డర్‌లోని ఫైలు చూసి సరిపెట్టుకుంటే చాలదు, అది మరో రూపం కావచ్చు. కింద షీట్ పేరు మీద రైట్ క్లిక్ చేస్తే Unhide అన్నది నొక్కడానికి వీలుగా కనిపించింది. అంటే దాచిన షీట్ ఉంది. బ్యాంకు ఖాతా నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. పైకి కనిపించే పట్టిక ఒక్కటే చూసి ఉంటే ‘పేర్లు, జీతాలు మాత్రమే వెళ్ళాయి’ అని నాకు చెప్పి ఉండేది, నేనూ క్లయింటుకు అదే అబద్ధం చేరవేసేదాన్ని.

తర్వాత నాకు ఫోను చేసింది: “11.10కి ఫలానా క్లయింటు జీతాల ఫైలు ఇంకో క్లయింటులో ఇద్దరికి వెళ్ళింది. పంపింది నేనే. దాచిన షీట్‌లో ఖాతా నంబర్లు ఉన్నాయి. వాళ్ళు తెరిచారో లేదో తెలియదు. ఇంకా ఎవరికీ ఏమీ రాయలేదు.” నాకు కావలసినదంతా అందులో ఉంది. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం మరీ నచ్చింది. క్షమాపణలతో నిండిన పొడుగాటి మెయిల్‌లో ఈ వివరాలు వెతుక్కోవలసి వస్తే ఆ సమయమూ వృథాయే.

అందుకున్న ఇద్దరికీ నేనే ఫోను చేశాను. తెరవవద్దని, ఇన్‌బాక్సుతో పాటు డౌన్‌లోడ్లు, ట్రాష్‌లలోంచి కూడా తీసేయమని, ఎవరికైనా పంపి ఉంటే చెప్పమని కోరి, చెరిపేసినట్టు రాతపూర్వకంగా తీసుకున్నాం. ఒకరు అప్పటికే తెరిచారు. ఫైలు ఎవరిదో ఆ క్లయింటుకు కూడా అదే రోజు ఉన్నదున్నట్టు చెప్పాం. ఈ ఫోను చేయడానికే మేనేజర్లు జంకుతారు, నేనూ తడబడ్డాను. కానీ తమ ఉద్యోగులను హెచ్చరించవలసింది ఆ సంస్థే. యూరప్ డేటా రక్షణ చట్టం వర్తించే చోట, మనుషులకు ముప్పు ఉండే ఇలాంటి ఉల్లంఘన తెలిసిన 72 గంటల్లోగా ఆ సంస్థ నియంత్రణ అధికారులకు తెలపాలి. దాని తరఫున లెక్కలు చూసే మాలాంటివాళ్ళు అనవసర జాప్యం లేకుండా దానికి చెప్పాలి. కింది ఉద్యోగి భయంతో రెండు రోజులు దాచిపెడితే ఆ చెప్పడమే రెండు రోజులు ఆలస్యమవుతుంది, ఆ రెండు రోజులూ ఖాతాల వివరాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు.

సంస్థలను నేను కోరేది ఇదే: గమనించిన గంటలోగా తానుగా చెప్పిన పొరపాటు ఏడాది పనితీరు సమీక్షలోకి రాదని నియమావళిలో రాయండి. దాచినది బయటపడితే వస్తుందని కూడా రాయండి. పదేపదే జరిగే అజాగ్రత్తను విడిగా చూడవచ్చు. సెలవు రోజైనా ఫోను ఎత్తే ఒకరి పేరు, నంబరు అందరికీ ఇవ్వండి. మేము ఆ వారమే ప్రతి ఫైలు పేరులోనూ క్లయింటు పేరు చేర్చాం. ఆ పని ఏనాడో చేయవలసింది నేను, ఆమె కాదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు