నీళ్ల పప్పు వెనక ఉన్న లెక్క

సంపాదకుడు గారికి,

హాస్టల్ మెస్‌లో పప్పు నీళ్లలా ఉందని తనిఖీకి వచ్చిన అధికారి వంటవాళ్ల మీద మండిపడ్డట్టు పోయినవారం మీ పత్రికలో చదివాను. ఆ పిల్లలకు మంచి తిండి పెట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ పప్పు ఎందుకు పలచబడిందో ఎవరూ అడగలేదు. ఏళ్ల తరబడి మెస్ నడిపినవాణ్ణి కాబట్టి నాకు కోపం వచ్చింది.

మూడు వందల మంది ఉన్న మెస్‌నే తీసుకోండి. మనిషికి 120 గ్రాముల బియ్యం చొప్పున పూటకు 36 కిలోలు, 30 గ్రాముల చొప్పున 9 కిలోల కందిపప్పు స్టోర్ నుంచి తీస్తారు. ఆదివారం రాత్రి ఊళ్ల నుంచి తిరిగి రావాల్సిన వాళ్లలో అరవై మంది రారు. ఆ సంగతి వంట అయ్యాక గానీ తెలియదు. డబ్బు మాత్రం హాజరును బట్టి 240 మందికే వస్తుంది. ఏడు కిలోల పైచిలుకు బియ్యం అన్నమై గంగాళంలో మిగిలిపోతుంది. పెద్ద గంగాళంలో అన్నం మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, సూక్ష్మజీవులు పెరగడానికి అదే అనువు. అందుకే మర్నాడు పెట్టకూడదు, పారబోయాల్సిందే. ఆ నష్టం పూడ్చాలని సోమవారం 9 కిలోల పప్పు 7 కిలోలవుతుంది. మనిషి వంతు 30 గ్రాముల నుంచి 23కి పడిపోతుంది, గరిటె లెక్క సరిపోవాలంటే నీళ్లు పోయాలి. సరిగ్గా ఆ సోమవారమే తనిఖీ!

సెలవుల్లో ఇంకా ఘోరం. వంటవాళ్ల జీతాలు, గ్యాస్ కూడా తలసరి రేటులోనే సర్దుకోమంటారు. మూడు వందల మంది ఉన్నప్పుడు వాటికి వచ్చిన డబ్బులో నాలుగో వంతు పోతుందనుకుంటే, సగం మందే ఉన్న రోజున అదే ఖర్చు దాదాపు సగానికి చేరుతుంది. జీతాలు తగ్గవు, గ్యాస్ ఏదో కాస్త తగ్గుతుందంతే. ఇక కంచంలోకి ఏం వస్తుంది? పైగా బిల్లులు నెలల తరబడి ఆపుతారు. అరువు మీద సరుకు తెచ్చేవాడు బేరమాడగలడా? పుచ్చు పప్పు ఇచ్చినా కిక్కురుమనకుండా తీసుకోవాలి. ఆఫీసుల్లో కూర్చుని రేట్లు ఖరారు చేసేవాళ్లకు ఈ టెన్షన్ ఏం తెలుస్తుంది?

దీనికి మందు లేకపోలేదు. సాయంత్రం పొయ్యి వెలిగించకముందే రాత్రి భోజనానికి ఉండేవాళ్ల పేర్లు రాయించాలి. బియ్యం రెండు విడతలుగా వండాలి. ముందు మూడొంతులు వండి, వరుసలో జనాన్ని చూసుకుని మిగతాది పొయ్యి మీద పెట్టాలి. పారబోసే బకెట్‌ను రోజూ తూచి రిజిస్టర్‌లో రాయాలి. ఇవి మెస్ వాళ్లు చేయాల్సినవి. జీతాలు, గ్యాస్ ఖర్చు తలసరి రేటు నుంచి విడదీసి ఇవ్వడం, బిల్లులు నెలనెలా చెల్లించడం అధికారుల పని.

తనిఖీ చేసిన అధికారి ఆ వారం హాజరు పట్టీ, స్టోర్ రిజిస్టర్, ఆగిపోయిన బిల్లులు మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆయన చూశారో లేదో కనుక్కుని మీ పత్రికలో వేయండి.

ఇట్లు,
ఒక మాజీ మెస్ ఇన్‌చార్జి